యూపీఐ పేమెంట్ ఫెయిలైంది, డబ్బులు మాత్రం కట్ అయ్యాయి: ఎన్ని రోజులు ఆగాలి, ఎప్పుడు ఎవరిని అడగాలి?

యాప్‌లో ఎర్రగా ‘పేమెంట్ ఫెయిల్డ్’ అని కనిపిస్తుంది. అదే నిమిషంలో ‘మీ ఖాతా నుంచి 1,840 రూపాయలు డెబిట్ అయ్యాయి’ అంటూ బ్యాంకు నుంచి ఎస్సెమ్మెస్ వస్తుంది. వీటిలో ఒకటి అబద్ధమై ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ రెండూ నిజమే. డబ్బు మీ ఖాతాలోంచి బయటికి వచ్చింది, అవతలి ఖాతాలో పడినట్టు జవాబు మాత్రం రాలేదు. ఆ డబ్బు ఇప్పుడు ఎక్కడ ఆగి ఉందన్న దాన్నిబట్టే అది పది నిమిషాల్లో వస్తుందా, ఐదు రోజులు పడుతుందా అన్నది తేలుతుంది.

మధ్యలో అసలేం జరుగుతుంది

మీరు పిన్ కొట్టగానే యాప్ ఆ రిక్వెస్టును ఎన్‌పీసీఐకి, అంటే యూపీఐని నడిపే సంస్థకు పంపుతుంది. ఎన్‌పీసీఐ ముందు మీ బ్యాంకును ‘ఇంత డబ్బు తగ్గించు’ అని అడుగుతుంది. బ్యాంకు తగ్గించి ‘తగ్గించాను’ అని జవాబిస్తుంది. ఆ తర్వాతే ఎన్‌పీసీఐ అవతలి బ్యాంకును ‘ఇంత డబ్బు జమ చెయ్’ అని అడుగుతుంది. అది ‘జమ చేశాను’ అంటేనే మీ ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు పడుతుంది.

అంటే ఒక్క పేమెంట్‌లో రెండు ప్రశ్నలు, రెండు జవాబులు ఉన్నాయి. డెబిట్ ఎస్సెమ్మెస్ మొదటి జవాబు దగ్గరే బయల్దేరిపోతుంది, ఆ తర్వాత ఏమైందో దానికి తెలియదు. యాప్ చివరి జవాబు కోసం చూస్తుంది. ఆ ఎదురుచూపుకు గడువుంది. 2025 జూన్ 16 నుంచి పేమెంట్ రిక్వెస్టుకు బ్యాంకులు జవాబివ్వాల్సిన గడువును ఎన్‌పీసీఐ 30 సెకన్ల నుంచి 15 సెకన్లకు తగ్గించింది. ఆలోపు జవాబు రాకపోతే దాన్ని టైమౌట్ అంటారు.

గొలుసు మూడు చోట్ల తెగొచ్చు.

మొదటిది, మీ బ్యాంకు డబ్బు తగ్గించింది కానీ ‘తగ్గించాను’ అన్న జవాబు ఎన్‌పీసీఐకి సమయానికి చేరలేదు. అప్పుడు అవతలి బ్యాంకును అడగడమే జరగదు. డబ్బు మీ బ్యాంకు గడప దాటలేదు కాబట్టి, దాన్ని వెనక్కి వేయమని సందేశం వెళ్తుంది. సాధారణంగా నిమిషాల్లోనో గంటల్లోనో తిరిగి పడిపోతుంది.

రెండోది, అవతలి బ్యాంకు ‘జమ చేయలేను’ అని స్పష్టంగా చెప్పింది. ఆ ఖాతా మూసేసి ఉండొచ్చు, ఫ్రీజ్ అయి ఉండొచ్చు. ఇక్కడా అనుమానానికి తావులేదు, వెంటనే రివర్సల్ వెళ్తుంది. చాలాసార్లు డెబిట్ ఎస్సెమ్మెస్ వెనకాలే క్రెడిట్ ఎస్సెమ్మెస్ వచ్చేస్తుంది. ఆ రివర్సల్ సందేశం కూడా దారిలో ఆగిపోతేనే ఆలస్యం.

మూడోది అసలు చిక్కు: అవతలి బ్యాంకు ఏమీ చెప్పలేదు. జమ చేసి జవాబివ్వలేకపోయిందా, జమే చేయలేదా అన్నది బయటివాళ్లకు తెలియదు. తొందరపడి మీ డబ్బు మీకిచ్చేస్తే, అక్కడ కూడా జమ అయి ఉంటే ఒకే సొమ్ము ఇద్దరికీ ఇచ్చినట్టవుతుంది. అందుకే లావాదేవీని పెండింగ్‌లో పెట్టి, అవతలి బ్యాంకు తన లెక్కలు సరిచూసుకునేదాకా ఆగుతారు. జమ అయి ఉంటే ఆ బ్యాంకు అదే విషయాన్ని ధ్రువీకరిస్తుంది, కాకపోతే డబ్బు వెనక్కి పంపుతుంది. ఫెయిలైన పేమెంట్ల మీద రోజుల తరబడి పట్టే ఆలస్యం ఎక్కువగా ఇక్కడిదే. మీ బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ‘వెయిట్ చేయండి’ అనే వస్తుంది. వినడానికి చిరాకే గానీ, అప్పటికి వాళ్ల దగ్గర నిజంగానే సమాధానం ఉండదు.

ఒకరోజా, ఐదు రోజులా?

రివర్సల్ ఎప్పటిలోగా రావాలన్నది బ్యాంకు దయ కాదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో ప్రతి రకం లావాదేవీకీ గడువు రాసి ఉంది, ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లో ఉంది. యూపీఐ విషయంలో అందులో రెండు వేర్వేరు గడువులున్నాయి.

మనిషికి పంపిన డబ్బు, అంటే స్నేహితుడికో ఇంటి ఓనరుకో నేరుగా వారి ఖాతాకు పంపినది, అవతల జమ కాకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 1 రోజులోపు వెనక్కి రావాలి. దీన్నే బ్యాంకువాళ్లు ‘టీ ప్లస్ వన్’ అంటారు. మర్చంట్‌కు చేసిన పేమెంట్‌లో, ఆ డబ్బు అందినట్టు మర్చంట్ వైపు కన్ఫర్మేషన్ రాకపోతే గడువు 5 రోజులు, ‘టీ ప్లస్ ఫైవ్’.

మర్చంట్‌కు ఎక్కువ రోజులు ఎందుకంటే అక్కడ గొలుసు ఇంకా పొడుగు. వెబ్‌సైట్లో కడితే డబ్బు బ్యాంకు దాటాక పేమెంట్ గేట్‌వే దగ్గరికి, అక్కడి నుంచి ఆర్డర్ నడిపే సర్వర్‌కు సమాచారం చేరాలి. బ్యాంకులు రెండూ సరిగా పనిచేసినా, చివరి సర్వర్ ఆ ఒక్క కన్ఫర్మేషన్ అందుకోకపోతే మీకు ‘ఆర్డర్ ఫెయిల్డ్’ అనే కనిపిస్తుంది. ఎవరి దగ్గర ఏ డబ్బు మిగిలిందో రోజువారీ లెక్కల్లో పట్టుకోవాలి.

ఇక్కడ ‘టీ’ అంటే లావాదేవీ జరిగిన క్యాలెండర్ తేదీ. పనిదినాలు కావు. ఆదివారం, పండగ సెలవు అని కస్టమర్ కేర్ చెబితే ఆ మాట ఈ గడువుకు వర్తించదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 6వ తేదీ శుక్రవారం రాత్రి 11:52కి ఒక షాపింగ్ సైట్లో 1,840 రూపాయలు యూపీఐతో కట్టారు. ఎస్సెమ్మెస్ వచ్చింది, ఆర్డర్ పడలేదు. అర్ధరాత్రికి ఎనిమిది నిమిషాల ముందే అయినా ‘టీ’ 6వ తేదీయే. శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి 7, 8, 9, 10, 11. అంటే 11వ తేదీ బుధవారంలోగా డబ్బు మీ ఖాతాలో పడాలి. అదే డబ్బు ఒక మనిషికి పంపి ఉంటే 7వ తేదీ శనివారంతోనే గడువు అయిపోయేది.

మొదటి పది నిమిషాల్లో

మళ్లీ కట్టకండి. ఫెయిల్డ్ అని చూసి వెంటనే రెండోసారి కడితే, మొదటిది పెండింగ్‌లో ఉండి కాసేపటికి సక్సెస్ అవ్వొచ్చు. అప్పుడు రెండుసార్లు కట్టినట్టే. రెండు పేమెంట్లూ సక్సెసే కాబట్టి ఆటోమేటిక్ రివర్సల్ రాదు, అవతలివాళ్లను అడిగి రీఫండ్ తెప్పించుకోవాలి. కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే ఆగడం కష్టమే. అలాంటప్పుడు వీలైతే వేరే పద్ధతిలో, నగదుతోనో కార్డుతోనో కట్టి, మొదటి పేమెంట్ తర్వాత సక్సెస్ అయితే తిరిగిచ్చేలా షాపువాళ్ల దగ్గర ఒక మాట తీసుకోండి. బిల్లు మీద ఆ విషయం రాయించుకుంటే ఇంకా మంచిది.

ఆ తర్వాత యాప్ హిస్టరీ తెరిచి ఆ లావాదేవీ మీద నొక్కండి. పైన స్టేటస్ ఏముందో చూడండి. ఫెయిల్డ్, పెండింగ్, సక్సెస్, ఈ మూడింటికీ దారులు వేరు. పెండింగ్ ఉంటే ఊరికే రిఫ్రెష్ కొట్టనవసరం లేదు, నిమిషంన్నర ఆగి ఒకసారి చూస్తే చాలు.

అదే పేజీలో కిందికి వెళ్తే 12 అంకెల నంబరొకటి ఉంటుంది. ఒక యాప్‌లో దాన్ని UTR అంటారు, ఇంకోదాంట్లో UPI transaction ID అంటారు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో RRN అని కూడా రావొచ్చు. పేరేదైనా అన్నీ అంకెలే ఉండి, సరిగ్గా 12 ఉంటే అదే. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి ఐడీ కూడా పక్కనే ఉండొచ్చు, అది యాప్ సొంత రికార్డు కోసం. బ్యాంకుల మధ్య మీ పేమెంట్‌ను వెతకడానికి పనికొచ్చేది 12 అంకెలదే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కానీ ఫిర్యాదులో నంబరును టైపు చేసి ఇవ్వండి. స్క్రీన్‌షాట్ అవతలివాళ్లు తెరవకపోయినా నంబరు మిగులుతుంది.

చివరగా బ్యాంకు యాప్‌లో మినీ స్టేట్‌మెంట్ చూడండి. ఎస్సెమ్మెస్‌ను నమ్ముకోవద్దు, అవి ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలు రావు. ముఖ్యంగా రివర్సల్ ఎస్సెమ్మెస్ రాలేదని వారం రోజులు కంగారుపడి, తీరా చూస్తే అదే రాత్రి డబ్బు పడి ఉన్న సందర్భాలు కోకొల్లలు. స్టేట్‌మెంట్‌లో ఆ రెండు వరుసలు దాదాపు ఇలా ఉంటాయి:

```
06  UPI/DR/<12 అంకెలు>/...        1,840.00  Dr
07  UPI/REV/<అవే 12 అంకెలు>/...   1,840.00  Cr
```

బ్యాంకును బట్టి REV బదులు RET అనో, పూర్తి పదమో ఉండొచ్చు. కానీ సాధారణంగా 12 అంకెలు రెండింట్లోనూ ఒకటే. అది సరిపోలితే వచ్చింది మీ రివర్సలే, వేరే జమ కాదు.

యాప్ సక్సెస్ అంటోంది, షాపు రాలేదంటోంది

జనం ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. మీ యాప్‌లో స్టేటస్ సక్సెస్ అని స్థిరపడి ఉంటే, అవతలి బ్యాంకు జమ చేసినట్టు ఒప్పుకున్నట్టే. ఇప్పుడు మీ బ్యాంకుకు వెళ్తే ‘లావాదేవీ విజయవంతమైంది’ అన్న జవాబు తప్ప ఏమీ రాదు, వాళ్ల వైపు నుంచి అది సరైనదే. కన్ఫర్మేషన్ మర్చంట్ సర్వర్‌కో, కౌంటర్ మీది సౌండ్‌బాక్స్‌కో చేరలేదు, అంతే.

అప్పుడు ముందు అడగాల్సింది మర్చంట్‌ను. ‘నా డబ్బు కట్ అయింది’ అనడం కన్నా, 12 అంకెల నంబరు, తేదీ, మొత్తం ఇచ్చి ‘ఈ నంబరుతో మీ సెటిల్‌మెంట్‌లో జమ పడిందో లేదో చూడండి’ అని అడగండి. దొరికితే ఆర్డర్ కన్ఫర్మ్ చేయాలి లేదా రీఫండ్ ఇవ్వాలి. చాలా సైట్లకు ఆలస్యంగా అందిన పేమెంట్లను గేట్‌వే వాటంతటవే వెనక్కి పంపే ఏర్పాటు ఉంటుంది. రీఫండ్ మొదలుపెట్టామని వాళ్లు చెబితే ఆ రీఫండ్‌కు రెఫరెన్స్ నంబరు అడిగి తీసుకోండి. అది లేకుండా ‘వచ్చేస్తుంది’ అన్న మాట చేతిలో ఏమీ పెట్టదు.

రీఫండ్, రివర్సల్ ఒకటి కావని గుర్తుంచుకోండి. రివర్సల్ అంటే పూర్తికాని లావాదేవీ వెనక్కి తిరగడం, పై గడువులు దానికే. రీఫండ్ అంటే పూర్తయిన లావాదేవీకి మర్చంట్ మళ్లీ డబ్బు పంపడం. మీరు ఆర్డర్ రద్దు చేసుకుంటే వచ్చేది రీఫండ్, దానికి మర్చంట్ చెప్పిన పనిదినాలే వర్తిస్తాయి. అలాగే తప్పు నంబరుకు పంపేసిన డబ్బు కూడా బ్యాంకు దృష్టిలో ఫెయిలైన పేమెంట్ కాదు, అది తనంతట తాను తిరిగి రాదు.

గడువు దాటితే

గడువు దాటేదాకా ఆగనవసరం లేదు గానీ, పెండింగ్ పేమెంట్ మీద మొదటి గంటలోనే ఫిర్యాదు పెట్టి లాభం కూడా లేదు. మనిషికి పంపిన డబ్బైతే మర్నాడు గడిచాక, మర్చంట్‌కైతే ఐదో రోజు దాటాక గట్టిగా అడగొచ్చు.

ముందు యూపీఐ యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి, దాని కిందున్న సహాయం లేదా ఫిర్యాదు బటన్ నొక్కండి. విడిగా మెయిల్ రాయడం కన్నా ఇదే మేలు. ఇక్కడ నమోదైన ఫిర్యాదు లావాదేవీ వివరాలతో సహా రెండు బ్యాంకుల వ్యవస్థలోకి వెళ్తుంది, అడిగినవాళ్లు మళ్లీ నంబరు వెతుక్కునే పని ఉండదు. కారణం ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ‘డబ్బు కట్ అయింది, అవతలికి జమ కాలేదు’ అన్నది ఒకటి, ‘మర్చంట్‌కు చెల్లింపు కన్ఫర్మ్ కాలేదు’ అన్నది ఇంకొకటి, ‘మోసపోయాను’ అన్నది పూర్తిగా వేరొకటి. తప్పు కారణం ఎంచుకుంటే ఫిర్యాదు మూసేసి, మళ్లీ మొదటినుంచి పెట్టమంటారు.

యాప్‌లో కదలిక లేకపోతే మీ ఖాతా ఉన్న బ్యాంకుకు రాతపూర్వకంగా రాయండి. నాలుగు వాక్యాలు చాలు:

‘6వ తేదీ రాత్రి 11:52కి నా ఖాతా నుంచి యూపీఐ ద్వారా 1,840 రూపాయలు డెబిట్ అయ్యాయి. రెఫరెన్స్ నంబరు (12 అంకెలు). మర్చంట్‌కు కన్ఫర్మేషన్ అందలేదు, 11వ తేదీలోగా రివర్సల్ రాలేదు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్ ప్రకారం డబ్బును, ఆలస్యమైన రోజులకు పరిహారాన్ని జమ చేయగలరు.’

ఈ పరిహారం సంగతి చాలామందికి తెలియదు. గడువు దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయలు బ్యాంకు చెల్లించాలి, అది కూడా మీరు అడగకుండానే మీ ఖాతాలో వేయాలి. పై ఉదాహరణలో డబ్బు 14వ తేదీన వచ్చిందనుకోండి. 12, 13, 14, మూడు రోజుల ఆలస్యం. మీకు 1,840తో పాటు 300 రూపాయలు రావాలి. ఇరుక్కున్నది 1,840 అయినా 40 రూపాయలే అయినా రోజుకు వంద మారదు. అడగకుండా వేయాలన్న నిబంధన ఉన్నా, స్టేట్‌మెంట్‌లో ఆ జమ కనిపించకపోతే మొహమాటపడకుండా అడగండి. పేమెంట్ ఆగిపోవడంలో మీ తప్పేమీ లేనప్పుడే ఇది వర్తిస్తుంది.

బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. రుసుము లేదు. బ్యాంకుకు ముందే రాసినట్టు రుజువు అడుగుతారు కాబట్టి ఆ ఫిర్యాదు నంబరు పారేయకండి. సందేహాలకు 14448 నంబరుంది. యూపీఐ లావాదేవీ వివరాలతో ఎన్‌పీసీఐ వెబ్‌సైట్లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు, అంబుడ్స్‌మన్ దాకా వెళ్లేముందు అది కూడా ఒక మెట్టు.

ఎదురుచూసేటప్పుడు వలలో పడొద్దు

డబ్బు ఇరుక్కుందని ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికేవాళ్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లున్నారు. సోషల్ మీడియాలో బ్యాంకును ట్యాగ్ చేసి గోడు వెళ్లబోసుకుంటే, పది నిమిషాల్లో ‘మేం సాయం చేస్తాం’ అంటూ మెసేజ్ వస్తుంది. నంబరు ఎప్పుడూ యాప్ లోపలి నుంచో, కార్డు వెనక నుంచో తీసుకోండి.

వాళ్లను పసిగట్టడం తేలికే. రివర్సల్‌కు మీ వైపు నుంచి ఏ పనీ ఉండదు. పిన్ కొట్టాల్సింది, ఓటీపీ చెప్పాల్సింది, స్కాన్ చేయాల్సింది, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోవాల్సింది ఏదీ లేదు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, రావడానికి అక్కర్లేదు. ‘రీఫండ్ కోసం పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే, అక్కడ నడుస్తున్నది రెండో డెబిట్. పొరపాటున కొట్టేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు.

యూపీఐ కాకుండా కార్డుతో కడితే

వెబ్‌సైట్లో డెబిట్ కార్డుతో కట్టి ఆగిపోతే గడువు అదే, 5 రోజులు. షాపు మెషీన్ మీద స్వైప్ చేసి స్లిప్ రాకపోయినా, ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గినా 5 రోజులే. ఐఎంపీఎస్‌లో పంపితే మనిషికి పంపిన యూపీఐలాగే 1 రోజు. ఈ గడువులు దాటినా రోజుకు 100 రూపాయల పరిహారమే వర్తిస్తుంది.

క్రెడిట్ కార్డులో కనిపించే దృశ్యం కాస్త వేరు. అక్కడ పేమెంట్ ఆమోదం పొందినప్పుడు బ్యాంకు ముందు లిమిట్‌లో ఆ మొత్తాన్ని పక్కన పెడుతుంది, మర్చంట్ దాన్ని క్లెయిమ్ చేసుకుంటేనే బిల్లులోకి ఎక్కుతుంది. అందువల్ల ఫెయిలైన పేమెంట్‌కు ‘క్రెడిట్’ అన్న వరుస ఎప్పటికీ కనిపించకపోవచ్చు. బిల్లు వేయని లావాదేవీల జాబితాలోంచి ఆ వరుస మాయమై, అందుబాటులో ఉన్న లిమిట్ అంతమేరకు పెరిగి ఉంటే రివర్సల్ పూర్తయినట్టే.